నో డ్యూస్ ఫారంపై తొమ్మిది సంతకాలు: ఫైనల్ పరీక్షలకు ముందు బాకీలు ఎలా తేల్చుకున్నాను

ఆరో సెమిస్టర్ ఎగ్జామ్ ఫీజు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజే దాని కింద ఇంకో కాగితం అంటించారు. పాత బాకీలు లేనట్టు నో డ్యూస్ ఫారం తెచ్చినవాళ్ల దగ్గరే ఎగ్జామ్ ఫీజు తీసుకుంటారట. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ బీజెడ్‌సీ చదివాను. మాది కనగల్ మండలంలో ఒక ఊరు, బీసీ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సీటు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద ఉన్న చాలా ప్రైవేటు కాలేజీల్లో పద్ధతి దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి, నాకు జరిగింది వరుసగా రాస్తున్నాను. పాలమూరు యూనివర్సిటీ కింద మహబూబ్‌నగర్‌లో చదివిన మా చిన్నమ్మ కూతురు కూడా ఇంచుమించు ఇవే మెట్లు ఎక్కింది.

ముందు ఒక విషయం తేటగా చెప్పాలి. చాలామంది హాల్ టికెట్ ఇచ్చే రోజుల్లోనే బాకీ గురించి ఆలోచిస్తారు. కానీ అసలు గడువు అది కాదు. యూనివర్సిటీ ఎగ్జామ్ ఫీజుకు ఒక తేదీ పెడుతుంది, ఆ తర్వాత ఆలస్య రుసుముతో ఇంకో తేదీ ఉంటుంది. కాలేజీ మన ఫీజు తీసుకుని, పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, అంటే నామినల్ రోల్స్, యూనివర్సిటీకి పంపాలి. ఆ జాబితాలో పేరు లేకపోతే హాల్ టికెట్టే రాదు. అప్పుడు బాకీ మొత్తం కట్టినా ఆ పరీక్షకు పనికి రాదు. అందుకే నోటీసు కనపడగానే అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్న అన్న కంప్యూటర్‌లో నా హాల్ టికెట్ నంబర్ కొట్టి, చిన్న చీటీ మీద ఒకే ఒక్క అంకె రాసిచ్చాడు. 46,850. అంతే. "ఇది కట్టి రా, సంతకం పెడతా" అన్నాడు. ఇంటికి వెళ్లి ఆ చీటీ చూపిస్తే మా నాన్న మొదటి మాట "వడ్డీకి ఎవరినన్నా అడుగుదాం బిడ్డా" అని. మా ఇంట్లోనే కాదు, క్లాసులో చాలామంది ఇళ్లలో అదే మాట వచ్చింది. పత్తి అమ్మిన డబ్బులు అప్పటికే దుకాణం బాకీకి పోయాయి.

మర్నాడు మళ్లీ కౌంటర్‌కు వెళ్లి, మొత్తం కాదు, ఏ సంవత్సరం ఏ పద్దు కింద ఎంత ఉందో ప్రింట్ ఇవ్వమని అడిగాను. దాన్ని స్టూడెంట్ లెడ్జర్ అంటారు. ఏ కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఉంటుంది, అడిగితే తప్ప ఇవ్వరు. అన్న ముందు విసుక్కున్నాడు. "సార్, మా నాన్న ఏ ఫీజు ఎంతో చూపించమంటున్నడు, జర ప్రింట్ తీసియ్యండి" అన్నాక తీసిచ్చాడు. దాంట్లో ఇలా ఉంది: ట్యూషన్ ఫీజు సంవత్సరానికి 14,000 చొప్పున మూడేళ్లకు 42,000. మూడో ఏడు స్పెషల్ ఫీజు 1,500. రెండో ఏడు బస్సు ఫీజు రెండో టర్మ్ 3,000. లైబ్రరీ 350. కలిపితే 46,850.

ఈ కాగితం చేతికి వచ్చాక సగం టెన్షన్ పోయింది. ఎందుకంటే ఒకే అంకెగా కనపడిన బాకీలో మూడు రకాల డబ్బు ఉంది. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సింది ఒకటి. నేను నిజంగా కట్టాల్సింది ఒకటి. ఎప్పుడో కట్టేసినా పుస్తకంలో ఎక్కనిది ఇంకొకటి. ఏది ఏదో తేలకుండా ఒక్క రూపాయి కూడా కట్టకూడదని అక్కడే అనుకున్నాను.

పెద్ద మొత్తం ట్యూషన్ ఫీజుదే కాబట్టి ముందు దాన్ని పట్టుకున్నాను. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల ఈపాస్ వెబ్‌సైట్ telanganaepass.cgg.gov.in లో అప్లికేషన్ స్టేటస్ చూసే చోట విద్యా సంవత్సరం ఎంచుకోవాలి. ఏ ఏడాది ఎంచుకుంటే ఆ ఏడాదిదే కనపడుతుంది. కాబట్టి 2022-23, 2023-24, 2024-25 మూడూ విడివిడిగా తీసి ప్రింట్ తెచ్చుకున్నాను. అప్లికేషన్ నంబర్, టెన్త్ హాల్ టికెట్ నంబర్, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ దగ్గర పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది. క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్లలో తీసిస్తారు, ఫోన్‌లో కూడా వస్తుంది. కానీ కౌంటర్‌లో ఫోన్ చూపిస్తే ఎవరూ సరిగ్గా చూడరు. కాగితం పెడితే చూస్తారు.

ఆ పేజీలో రెండు రకాల డబ్బులు కనిపిస్తాయి. ఎంటీఎఫ్ అంటే మన ఖర్చులకు ఇచ్చే స్కాలర్‌షిప్, అది మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, మా బీసీలకైతే అది కాలేజీ ఖాతాకు పోతుంది. మా క్లాసులో ఒకమ్మాయికి ఎంటీఎఫ్ పడిందని మెసేజ్ వస్తే, నా ఫీజు వచ్చేసింది కదా అని కౌంటర్‌లో గొడవపెట్టుకుంది. రెండూ వేరు. నో డ్యూస్‌కు సంబంధించింది ఆర్‌టీఎఫ్ ఒక్కటే.

ఆర్‌టీఎఫ్‌లో కూడా మంజూరు కావడం వేరు, విడుదల కావడం వేరు. మనం ఆన్‌లైన్‌లో అప్లై చేసి, కాగితాలు కాలేజీలో ఇస్తాం. కాలేజీలో ఆధార్‌తో వేలిముద్ర తీసుకుని, వాళ్ల లాగిన్‌లోంచి పైకి పంపుతారు. మా విషయంలో అయితే జిల్లా బీసీ అభివృద్ధి అధికారి ఆఫీసుకు పోతుంది. ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ పిల్లలకు వాళ్ల వాళ్ల శాఖల ఆఫీసులు ఉంటాయి. ఈబీసీలది బీసీ శాఖే చూస్తుంది. అక్కడ పరిశీలించి మంజూరు చేస్తారు, బిల్లు తయారుచేసి ట్రెజరీకి పంపుతారు. అక్కడి నుంచి డబ్బు కాలేజీ ఖాతాలో పడినప్పుడే విడుదలైనట్టు. మంజూరై బిల్లు దగ్గర ఆగినవే మా క్లాసులో ఎక్కువ ఉన్నాయి. ఆ మెట్టు మీద మన చేతిలో గానీ కాలేజీ చేతిలో గానీ ఏమీ ఉండదు. ప్రభుత్వం నిధులు వదలాలి.

నా మూడు ప్రింట్లు పక్కపక్కన పెడితే మూడేళ్లది మూడు కథలు. మొదటి ఏడు 14,000 మంజూరైంది, విడుదలైంది కూడా. అంటే ఆ డబ్బు కాలేజీకి ఎప్పుడో వచ్చింది, లెడ్జర్‌లో నా పేరు మీద ఎక్కలేదు. రెండో ఏడు మంజూరైంది, విడుదల కాలేదు. మూడో ఏడు అప్లికేషన్ కాలేజీ దాటి ముందుకే పోలేదు.

మొదటి ఏడు సంగతి అనుకున్నదానికంటే సులువుగా తేలింది. ప్రభుత్వం ఆర్‌టీఎఫ్ ఒక్కొక్కరికి విడిగా పంపదు. కొంతమంది పిల్లలది కలిపి ఒక బిల్లుగా కాలేజీ ఖాతాలో వేస్తారు, ఎవరెవరికి ఎంతో చెప్పే జాబితా ఈపాస్‌లో కాలేజీ లాగిన్‌లో ఉంటుంది. అకౌంట్స్ వాళ్లు ఆ జాబితా చూసి ఒక్కో పేరు మీద జమ కొట్టాలి. వందల పేర్లు ఉన్నప్పుడు కొన్ని తప్పిపోతాయి. నేను ప్రింట్ చూపించి, "సార్, ఈ బిల్లులో నా పేరు ఉన్నదో లేదో మీ లాగిన్‌లో చూడండి" అని అడిగాను. స్కాలర్‌షిప్ పనులు చూసే సార్ తెరిచి చూశాడు, ఉంది. ఆయనే అకౌంట్స్‌కు ఒక చిన్న నోట్ రాసిచ్చాడు. 14,000 లెడ్జర్‌లోంచి పోయింది. ఆ రోజే కొత్త లెడ్జర్ ప్రింట్ తీసుకున్నాను. సరిచేశాం అని నోటితో చెబితే నమ్మి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకరికి హాల్ టికెట్ టైంలో అదే బాకీ మళ్లీ కనపడింది.

మూడో ఏడు కథ కాస్త పొడవు. రెన్యువల్ అప్లికేషన్ గడువులోనే పెట్టాను, కాగితాలు కూడా ఇచ్చాను. అయినా ఎందుకు ఆగిందో స్కాలర్‌షిప్ సార్‌ను అడిగితే, వేలిముద్ర పడలేదు అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీలో వేలిముద్రలు తీసుకున్న రోజుల్లో మా చేను పత్తి తీత నడుస్తుండె. పత్తి కాయ కొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లన్నీ గీతలు పడి, గరుకుగా అయిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పెట్టిన ప్రతిసారి ఎర్ర లైటే వచ్చింది. సార్ తర్వాత చూద్దాం అని పక్కన పెట్టాడు, ఆ తర్వాత వేరే డ్యూటీ పడి ఆ జాబితాను ఎవరూ ముట్టుకోలేదు. నాతో పాటు ఊర్ల నుంచి వచ్చే ఇంకొంతమంది పేర్లు కూడా అందులోనే ఉన్నాయి.

ఇలా అయినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బొటనవేలు పడకపోతే మిగతా వేళ్లు ఒక్కొక్కటీ పెట్టి చూడమని అడగండి, పది వేళ్లలో ఏది పడినా సరిపోతుంది. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, కొంచెం కొబ్బరి నూనె రాసి తుడిచి పెట్టమని అక్కడి అటెండర్ అన్న చెప్పాడు. నాకు ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. ఏ వేలూ పడకపోతే ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుని రావాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. వేలిముద్ర పడ్డాక సార్ నా ముందే ఫార్వర్డ్ చేశాడు. సాయంత్రానికి స్టేటస్‌లో నా అప్లికేషన్ కాలేజీ దాటి జిల్లా ఆఫీసుకు చేరినట్టు కనపడింది.

అయినా ఒకసారి కలెక్టరేట్‌కు వెళ్లి బీసీ అభివృద్ధి అధికారి ఆఫీసులో అడిగాను. అక్కడి మేడం అప్లికేషన్ నంబర్ చూసి, ఆదాయ సర్టిఫికెట్, అటెండెన్స్ సరిగ్గా ఉన్నాయని, వరుసలో వస్తుందని చెప్పింది. బీసీలకు ఊర్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర లోపు, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి, అటెండెన్స్ 75 శాతం ఉండాలి. ఈ రెంటిలో ఏది తక్కువైనా అప్లికేషన్ అక్కడే ఆగుతుంది, అప్పుడు ఆ ఏడాది ఫీజు నిజంగానే మన నెత్తిన పడుతుంది. కాబట్టి ఈ మెట్టు మీద ఆగినవాళ్లు కాలేజీలో అరిచే కంటే అక్కడికి వెళ్లి కారణం తెలుసుకోవడం మేలు.

ఇంతకీ రెండు, మూడో ఏళ్లవి కలిపి 28,000 మిగిలింది. ఇది ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు, కానీ కాలేజీకి ఇంకా రాలేదు. ఇక్కడే అసలు బేరం మొదలైంది. అకౌంట్స్ వాళ్లు ముందు చెప్పింది ఏమిటంటే, ఇప్పుడు మీరు కట్టండి, ఆర్‌టీఎఫ్ పడ్డాక మీకు తిరిగి ఇస్తాం అని. నాకు కాలేజీ వాళ్ల బాధ కూడా కొంత అర్థమవుతుంది. ఏళ్ల తరబడి ఆర్‌టీఎఫ్ ఆగితే లెక్చరర్లకు జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? మా కాలేజీలో కొంతమందికి నెలలుగా జీతాలు లేవని మాకు తెలుసు. కానీ ఆ భారం అప్పు తెచ్చి కట్టమని ఊర్లో కూలి చేసుకునేవాళ్ల మీద వేయడం ఏం న్యాయం? నేను కట్టలేనని చెప్పాను.

కట్టగలిగిన వాళ్లు కట్టదలచుకుంటే మాత్రం రసీదు మీద ఏం రాశారో చూసుకోండి. ఉత్త ట్యూషన్ ఫీజు అని రాసిస్తే, రేపు ఆర్‌టీఎఫ్ వచ్చాక తిరిగి ఇవ్వాల్సిన డబ్బు అని మీ దగ్గర ఆధారం ఏదీ ఉండదు. ఏ ఏడాది ఆర్‌టీఎఫ్ బదులు కట్టారో, అది రాగానే తిరిగి ఇవ్వాలనీ రసీదు మీదో, విడిగా కాగితం మీదో రాయించుకోవాలి. మా సీనియర్ ఒక అన్న అలా రాయించుకోలేదు. రెండేళ్ల తర్వాత అడిగితే అకౌంట్స్‌లో ఉన్న మనిషే మారిపోయాడు.

నేను అండర్‌టేకింగ్ ఇస్తానన్నాను. అంటే ఆర్‌టీఎఫ్ రాకపోతే కడతానని విద్యార్థి, తల్లి లేదా తండ్రి సంతకం పెట్టే హామీ పత్రం. కాలేజీ దగ్గర టైపు చేసిన నమూనా ఉంది. చదివితే అందులో ఒక వాక్యం ఇలా ఉంది: రెండు నెలల్లోగా ప్రభుత్వం డబ్బు విడుదల చేయకపోతే నేను మొత్తం చెల్లిస్తాను. ప్రభుత్వం రెండు నెలల్లో ఇస్తుందో రెండేళ్లకు ఇస్తుందో నాకేం తెలుసు? మా నాన్న చదువుకోలేదు గానీ ఆ వాక్యం చదివి వినిపిస్తే వెంటనే, "అది నువ్వు రాసిచ్చే మాట కాదు" అన్నాడు.

ఆ వాక్యం మార్చమని ప్రిన్సిపల్ సార్‌ను కలిశాను. మంజూరు ప్రింట్, స్టేటస్ ప్రింట్, కొత్త లెడ్జర్ మూడూ ఆయన టేబుల్ మీద పెట్టాను. నా తప్పు వల్ల అప్లికేషన్ రిజెక్ట్ అయితే కడతాను, అదీ రిజెక్ట్ అయిన ఏడాదిది మాత్రమే, ప్రభుత్వం ఆలస్యం చేస్తే దానికి నేను బాధ్యురాలిని కాదు, అన్నాను. ఆయన కాసేపు చూసి, అకౌంట్స్ అన్నను పిలిచి, "రెండో సంవత్సరం శాంక్షన్ అయ్యింది కదా, ఈ లైన్ తీసేయ్" అన్నాడు. చివరికి రాసింది ఇలా: 2023-24, 2024-25 ఆర్‌టీఎఫ్ మొత్తాలు కాలేజీకి జమ అయితే నా మీద బాకీ ఉండదు. అప్లికేషన్ తిరస్కరణకు గురైతే ఆ సంవత్సరం ఫీజు మాత్రమే నేను చెల్లిస్తాను. నేనూ మా నాన్నా సంతకాలు పెట్టాం. దాని జెరాక్స్ మీద కాలేజీ ముద్ర, తేదీ వేయించుకుని దాచుకున్నాను.

అండర్‌టేకింగ్ ఇస్తే టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు మా దగ్గరే ఉంచుతాం అని మా క్లాసులో ఒకరిద్దరికి చెప్పారు. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కాలేజీ ఒరిజినల్స్ చూసి సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకోకూడదు. ఈ మాట మర్యాదగా చెప్పి, ఒక అప్లికేషన్ రాసి, ఆఫీసుకు వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వర్డ్‌లో ఇస్తే వాళ్లకు మెమోలు ఇచ్చేశారు. అలాగే ఖాళీ కాగితం మీదో, ఖాళీ స్టాంప్ పేపర్ మీదో సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ఏమన్నా రాయాలంటే మీ ముందే రాయమనండి.

ఇక చిన్న పద్దులు. స్పెషల్ ఫీజు 1,500 నేను మూడో ఏడు మొదట్లోనే కట్టాను. కౌంటర్ దగ్గర గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌కు ఫోన్‌పేలో కొట్టాను. రసీదు పుస్తకం అయిపోయింది, తర్వాత ఇస్తాం అన్నారు. నా దగ్గర ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉంది. దాన్ని చూపిస్తే, ఇది నువ్వే కట్టావని ఎలా తెలుస్తుంది, ఇలాంటివి రోజుకు వంద వస్తాయి అన్నాడు అకౌంట్స్ అన్న. నిజమే, క్యూఆర్‌కు వచ్చే డబ్బు మీద హాల్ టికెట్ నంబర్ ఉండదు.

పని చేసింది స్క్రీన్‌షాట్ కాదు, అందులోని యూటీఆర్ నంబర్. ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా పేమెంట్ వివరాల్లోకి వెళ్తే 12 అంకెల నంబర్ ఉంటుంది. అదే నంబర్ కాలేజీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కూడా ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద తేదీ, మొత్తం, యూటీఆర్, నా హాల్ టికెట్ నంబర్ రాసి ఇచ్చాను. ఆయన ఆ రోజు స్టేట్‌మెంట్ తెరిచి ఆ నంబర్ వెతికితే వెంటనే దొరికింది. ఆ 1,500 మా కాలేజీలోనే బీకాంలో ఉన్న నా పేరే ఉన్న ఇంకో అమ్మాయి ఖాతాలో పడి ఉంది. పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం రెండూ ఒకటే. పేరు చూసి జమ కొట్టారన్నమాట. సరిచేసి అప్పుడు రసీదు ఇచ్చారు. పాపం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పకపోతే ఆమె బాకీ ఒక్కసారిగా 1,500 పెరిగి కనపడేది, అందుకే నేనే వెళ్లి చెప్పాను.

బస్సు ఫీజు 3,000 విషయంలో వాదించే అవకాశం ఉంది గానీ వాదించలేదు. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక నేను కాలేజీ బస్సు మానేసి ఆర్టీసీలో రావడం మొదలుపెట్టాను. అప్పటికే రెండో టర్మ్ మొదలైంది, టర్మ్ ఫీజు సగంలో ఆపే పద్ధతి లేదని బస్సు ఫారం వెనక అచ్చు వేసే ఉంది. కొన్ని రోజులు తిరిగాను కూడా. కట్టేశాను, బస్సు కార్డు వెనక్కి ఇచ్చేశాను. ఆ కార్డు ఇవ్వకపోతే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ సంతకం పెట్టడు.

నో డ్యూస్ ఫారంలో మా కాలేజీలో తొమ్మిది గడులు ఉన్నాయి. లైబ్రరీ, బోటనీ ల్యాబ్, జువాలజీ ల్యాబ్, కెమిస్ట్రీ ల్యాబ్, ఫిజికల్ డైరెక్టర్, ఎన్ఎస్ఎస్, ట్రాన్స్‌పోర్ట్, అకౌంట్స్, ప్రిన్సిపల్. హాస్టల్ ఉన్నవాళ్లకు ఇంకొకటి. పై నుంచి కిందికే పోవాలని లేదు. కానీ అకౌంట్స్ మాత్రం చివరి నుంచి రెండోది కావాలి, ఎందుకంటే మిగతా అన్ని చోట్ల రాసిన ఫైన్లు అక్కడే కట్టి రసీదు అంటించాలి. అది ముందే చేయించుకున్నవాళ్లు ల్యాబ్‌లో ఒక ఫైన్ పడగానే మళ్లీ అదే లైన్‌లో నిలబడ్డారు.

అందరూ సంతకాలు పెట్టించుకునే ఆ రోజుల్లో లైబ్రరీ దగ్గర జాతరలా ఉంటుంది. నేను పొద్దున బస్సు దిగగానే అక్కడికే వెళ్లాను. నా పేరు మీద రెండు పుస్తకాలు ఉన్నట్టు చూపించింది. ఒకటి నిజంగానే నా దగ్గర ఉంది, ఆలస్యానికి 60 రూపాయల ఫైన్. రెండోది జువాలజీ పుస్తకం, దాని ధర 290 కట్టమన్నారు. ఆ పుస్తకం నేను రెండో ఏడులోనే ఇచ్చాను. అయితే ఇచ్చాను అని అంటే ఎవరూ వినరు. లైబ్రేరియన్ మేడంను రిజిస్టర్‌లో దాని యాక్సెషన్ నంబర్ చెప్పమన్నాను. ప్రతి పుస్తకానికీ లైబ్రరీ వేసే సొంత నంబర్ అది, వెన్ను మీద చీటీలో, లోపలి పేజీలో ముద్ర కింద ఉంటుంది. ఒకే పుస్తకం పది కాపీలు ఉన్నా నంబర్ వేరు. ఆ నంబర్ కాగితం మీద రాసుకుని జువాలజీ ర్యాక్ దగ్గరికి వెళ్లి ఒక్కో కాపీ వెన్ను చూసుకుంటూ పోతే, కింది అరలో దుమ్ము కొట్టుకుని నా పుస్తకం అక్కడే ఉంది. తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టాను. మేడం ఏమీ అనకుండా 290 కొట్టేసి 60 మాత్రమే రాసింది.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్రేకేజ్ జాబితా ఉంటుంది. పగిలిన బ్యూరెట్, పిపెట్‌లకు ఎవరు పగలగొట్టారో తెలియకపోతే ఆ బ్యాచ్ మొత్తానికి పంచుతారు. నా వాటా 80 వచ్చింది. ప్రాక్టికల్ రికార్డు సర్టిఫై కాకపోతే కూడా ల్యాబ్ వాళ్లు సంతకం ఆపుతారు, అది ముందే చేయించి పెట్టుకోవాలి. పీడీ సార్ దగ్గర, ఎన్ఎస్ఎస్ దగ్గర ఏమీ లేదు, వెళ్లిన వెంటనే అయిపోయింది. పీడీ సార్ మధ్యాహ్నం తర్వాత గ్రౌండ్‌లో ఉంటాడు, రూంలో వెతికి లాభం లేదు.

అలా చివరికి నా చేతి నుంచి కట్టింది బస్సు 3,000, లైబ్రరీ 60, ల్యాబ్ 80, మొత్తం 3,140. 14,000 లెడ్జర్‌లోంచి తీసేశారు, 1,500 జమ అయింది, 28,000 కు అండర్‌టేకింగ్. ప్రిన్సిపల్ సంతకం పడ్డ ఫారం రెండు జెరాక్సులు తీసి, ఒరిజినల్ ఇచ్చి ఎగ్జామ్ ఫీజు గడువు లోపలే కట్టాను. హాల్ టికెట్ టైంలో కంప్యూటర్‌లో 28,000 మళ్లీ కనపడింది, కొత్తగా కూర్చున్న అబ్బాయి ఇవ్వనన్నాడు. ముద్ర వేసిన అండర్‌టేకింగ్ జెరాక్స్ చూపిస్తే ఇచ్చాడు.

పరీక్షలు అయ్యాక టీసీ, స్టడీ సర్టిఫికెట్‌కు ఇదే నో డ్యూస్ జెరాక్స్ మళ్లీ అడుగుతారు, కాబట్టి పారేయకండి. పీజీ ఎంట్రన్స్ రాసి సీటు వచ్చినవాళ్లకు టీసీ వెంటనే కావాలి. ఆ సమయంలో అండర్‌టేకింగ్ మీద మళ్లీ పేచీ పెడితే, దరఖాస్తు రాసి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ప్రిన్సిపల్ దగ్గరికే వెళ్లండి, కౌంటర్‌లో తేలదు. చేరినప్పుడు కాషన్ డిపాజిట్ కట్టి ఉంటే ఆ రసీదు కూడా అప్పుడే ఇవ్వాలి. మా దగ్గర 500 కట్టించుకున్నారు, అడిగినవాళ్లకే తిరిగి ఇచ్చారు. రెండో ఏడు ఆర్‌టీఎఫ్ విడుదలైనట్టు ఈపాస్‌లో కనపడగానే ఆ ప్రింట్ తీసుకెళ్లి అండర్‌టేకింగ్‌లో ఆ ఏడాదిని కొట్టేయించుకున్నాను. మూడో ఏడుది మంజూరు దాకా వచ్చింది, విడుదల కోసం ఇంకా చూస్తున్నాను.